రెజ్యూమేతో పాటు పంపే ఈమెయిల్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల విడిభాగాలు అమ్మే ఒక డీలరు దగ్గర నాలుగున్నరేళ్లుగా అకౌంట్స్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. నా భార్యకు హైదరాబాద్‌కు బదిలీ అయింది, జూన్‌లో మేము అక్కడికి మారాలి. రెండు నెలల్లో 40 దరఖాస్తులు ఈమెయిల్ ద్వారా పంపితే రెండే ఫోన్లు వచ్చాయి. నేను పంపే ఈమెయిల్‌కు తెలుగు ఇదీ: "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, మీ ప్రకటన చూసి అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంటున్నాను. నేను బీకామ్ కంప్యూటర్స్ 72 శాతం మార్కులతో పాసయ్యాను. ప్రస్తుతం విడిభాగాల డీలరు వద్ద నాలుగున్నరేళ్లుగా పనిచేస్తున్నాను. జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, బ్యాంకు రీకన్సిలియేషన్, టాలీ ప్రైమ్, ఎక్సెల్ తెలుసు. నేను కష్టపడే స్వభావం గలవాడిని, అందరితో కలిసి పనిచేయగలను. రెజ్యూమే జతచేశాను, దయచేసి పరిశీలించగలరు." ఇందులో తప్పేమిటో తెలియడం లేదు. ఇప్పుడు ఒక ఆహార పదార్థాల కంపెనీ ప్రకటన చూశాను, దానిని, నా రెజ్యూమేను మీకు పంపుతున్నాను. ఇంకొక సందేహం. మా దగ్గర మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న సప్లయర్ల బిల్లులు 2బీలో కనిపించక క్రెడిట్ ఆగిపోతుంటే, నేను వాళ్లకు ఫోన్లు చేసి ఐఎఫ్ఎఫ్‌లో ఎక్కించేలా చేశాను. ఇది రెజ్యూమేలో పెట్టే విషయం కాదేమోనని వదిలేశాను. పెట్టాలా?

జవాబు: మీ ఈమెయిల్‌ను ఒక పక్కన, మీ రెజ్యూమేను ఇంకొక పక్కన పెట్టుకొని చదివాను. ఈమెయిల్‌లో ఉన్న ప్రతి వాక్యానికీ, అదే సంగతి రెజ్యూమేలో ఎక్కడ ఉందో చూసి పెన్సిలుతో గీత గీస్తూ వెళ్లాను. డిగ్రీ, మార్కుల శాతం రెండింటిలోనూ ఉన్నాయి. డీలరు దగ్గర ఉద్యోగం రెండింటిలోనూ ఉంది. జీఎస్టీ మొదలు ఎక్సెల్ దాకా ఉన్న జాబితా అయితే అదే వరుసలో, అవే మాటలతో ఉంది. కష్టపడే స్వభావం గురించి కూడా రెజ్యూమే చివర ఒక వాక్యం రాసుకున్నారు. గీతలు పడకుండా మిగిలినవి రెండు: దరఖాస్తు చేసుకుంటున్నానన్న మాట, రెజ్యూమే జతచేశానన్న మాట. ఈ రెండూ ఈమెయిల్ వచ్చిందంటేనే చదివేవారికి తెలిసిపోయేవి. అంటే మీ ఈమెయిల్ చదివిన వ్యక్తికి రెజ్యూమే తెరవకముందు తెలిసినదీ, తెరిచిన తర్వాత తెలిసినదీ ఒక్కటే.

ఈ అలవాటు మీ ఒక్కరిది కాదు. బడిలో సెలవు చీటీ రాయడం నేర్పినప్పటి నుంచి మనకు దరఖాస్తు అంటే ఒక అచ్చు, అందులో ఖాళీలు పూరించడమే పని. ప్రభుత్వ కొలువులకు పంపే దరఖాస్తుల్లో ఆ అచ్చు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ అర్హతలు నిబంధనల ప్రకారం సరిచూస్తారు కాబట్టి ఒకే సంగతి రెండు చోట్ల ఉన్నా వచ్చే నష్టం లేదు. చిన్న, మధ్యతరహా ప్రైవేటు సంస్థలో పరిస్థితి వేరు. అక్కడ మీ ఈమెయిల్ చదివేది చాలాసార్లు అకౌంట్స్ విభాగం చూసే మేనేజరే, నెలాఖరు పనుల మధ్యలో, ఫోన్‌లో. ఆ మనిషికి తేల్చుకోవలసినది ఒక్కటే: ఈ అభ్యర్థి నా దగ్గర ఆగిపోయిన పనిని ముందుకు నడపగలడా, లేదా? మీ రెజ్యూమే ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు, చెప్పలేదు కూడా. అది మీరు నలభై చోట్లకు పంపే కాగితం, ఏ ఒక్క సంస్థనూ దృష్టిలో పెట్టుకొని రాసినది కాదు. ఆ జవాబు చెప్పగలిగే చోటు ఈమెయిల్ ఒక్కటే, దాన్ని మీరు రెజ్యూమేకు నకలుగా వాడుతున్నారు.

కాబట్టి రాయడం మొదలుపెట్టే ముందు ప్రకటనను చదవాలి. మీరు పంపిన ప్రకటనలో తొమ్మిది అంశాలున్నాయి. వాటిలో ఎనిమిది ఏ అకౌంట్స్ ఉద్యోగ ప్రకటనలోనైనా కనిపించేవే: టాలీ రావాలి, ఎక్సెల్ రావాలి, మూడేళ్లకు తగ్గకుండా అనుభవం ఉండాలి, ఇలాంటివి. మిగిలిన ఒక్కటి మాత్రం వేరే ఎవరో రాసినట్టుంది. మసాలా దినుసులు, ప్యాకింగ్ సామగ్రి సరఫరా చేసే చిన్న సప్లయర్లతో మాట్లాడి, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ సకాలంలో వచ్చేలా చూడటం ఈ ఉద్యోగంలో ప్రధాన భాగం అని అందులో ఉంది. మొదటి ఎనిమిదీ పాత ప్రకటన నుంచి తీసినవి అయ్యుంటాయి, తొమ్మిదవది ఎవరికో నిద్ర పట్టక చెప్పి రాయించినదై ఉంటుంది. ప్రకటనలో మరీ ప్రత్యేకంగా, కాస్త విసుగు ధ్వనించేలా ఉన్న వాక్యమేదో వెతకండి. సంస్థకు మనిషి ఎందుకు కావలసి వచ్చాడో సాధారణంగా ఆ వాక్యంలోనే ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలోని చివరి సందేహం దగ్గరకు వద్దాం. పెట్టాలా వద్దా అని వదిలేసినదే మీ దగ్గరున్న అసలు సరుకు. జీఎస్టీతో పరిచయం లేని పాఠకుల కోసం అదేమిటో కొంచెం వివరిస్తాను. ఒక సంస్థ సరకు కొన్నప్పుడు కట్టిన పన్నును, తాను అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకుంటుంది. ఇదే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్. అలా తగ్గించుకోవాలంటే సప్లయర్ ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి, అది కొన్నవారి 2బీ పట్టికలో కనిపించాలి. ఈ షరతు 2022 జనవరి 1 నుంచి చట్టంలో ఉంది. నెలనెలా రిటర్ను వేసే సప్లయర్లు మరుసటి నెల 11వ తేదీలోగా బిల్లులు చూపిస్తారు, 14న 2బీ తయారవుతుంది, 20వ తేదీలోగా కొన్న సంస్థ 3బీ అనే రిటర్ను వేసి పన్ను కట్టాలి. అయితే టర్నోవరు అయిదు కోట్ల రూపాయలు మించని చిన్న సప్లయర్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు. వాళ్లు మొదటి రెండు నెలల బిల్లులను మరుసటి నెల 13వ తేదీలోగా ఐఎఫ్ఎఫ్ అనే సౌకర్యం ద్వారా ఎక్కించవచ్చు గానీ, ఎక్కించి తీరాలన్న నిర్బంధం లేదు. ఎక్కించకపోతే ఆ బిల్లులు మూడు నెలలు పూర్తయ్యేదాకా కొన్నవారికి కనిపించవు. ఆహార పదార్థాల కంపెనీ ప్రకటనలోని తొమ్మిదవ అంశం వెనక ఉన్న తలనొప్పి ఇదేనని అనుకోవచ్చు. మీరు ఆటోనగర్‌లో దానికి మందు వేశారు.

అయినా మీ ఈమెయిల్‌లో అది లేదు, రెజ్యూమేలో కూడా లేదు. రెజ్యూమేలో "2బీ రీకన్సిలియేషన్" అన్న రెండు మాటలున్నాయి. ఆ రెండు మాటలు టాలీ నేర్చుకున్న ప్రతివారి రెజ్యూమేలోనూ ఉంటాయి.

మీకు విడిగా రాసి కొన్ని వివరాలు అడిగాను, మీరు ఓపిగ్గా జవాబిచ్చారు. మీ సంస్థకు సరకు ఇచ్చేవారు సుమారు 160 మంది, వారిలో 38 మంది మూడు నెలల పద్ధతిలో ఉన్నారు. మీరు ఆ 38 మందినీ ఒక జాబితాగా విడదీసి, 8వ తేదీ నుంచి 12వ తేదీ దాకా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. కొందరికి ఐఎఫ్ఎఫ్ అన్నది ఉందనే తెలియదు, వాళ్ల రిటర్నులు వేసే కన్సల్టెంట్‌తో నేరుగా మాట్లాడితే గానీ పని జరగలేదు. ఆరు నెలల్లో 29 మంది దారికి వచ్చారు. మిగిలిన తొమ్మిది మంది రాలేదు. వాళ్ల బిల్లుల్లో పన్ను భాగాన్ని ఆపి, అది 2బీలో కనిపించాకే చెల్లించాలని మీ యజమాని నిర్ణయించారు, ఆ ఆపిన మొత్తాల లెక్క మీరే చూస్తున్నారు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ తొమ్మిది మంది సంగతి. అందరూ మారారని రాసి ఉంటే ఏ అకౌంట్స్ మేనేజరూ నమ్మడు.

ఈ వివరాలతో మీరు తిరగరాసి పంపిన రెండవ ప్రతి మొదటిదానికంటే చాలా మేలు. అయితే అందులో మూడు చోట్ల ఆగవలసి వచ్చింది.

మొదటిది పెద్దది. "సంస్థకు నాలుగు లక్షల రూపాయలు ఆదా చేశాను" అని రాశారు. ఈ వాక్యం చదివిన అకౌంట్స్ మేనేజరు అక్కడే కనుబొమలు ముడుస్తాడు. సప్లయర్ మూడు నెలలకు రిటర్ను వేసినప్పుడు ఆ క్రెడిట్ ఎలాగూ మీ సంస్థకు వచ్చేదే, ఎక్కడికీ పోయేది కాదు. మీ ఫోన్ల వల్ల జరిగిందేమిటంటే, ఆ మేరకు పన్నును ముందుగా చేతి డబ్బుతో కట్టి, ఒకటి రెండు నెలలు ఎదురుచూడవలసిన అవసరం తప్పింది. అది నగదు చేతిలో ఉండటమే గానీ ఆదా కాదు. సప్లయర్ అసలు రిటర్నే వేయకుండా, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత వచ్చే నవంబరు 30 గడువు కూడా దాటిపోతే అప్పుడు క్రెడిట్ నిజంగా పోతుంది. మీ 38 మందిలో అలాంటివారు ఎవరూ లేరని మీరే చెప్పారు. ఉద్యోగ దరఖాస్తులో అంకెలు రాయాలని అందరూ చెబుతారు, నిజమే, కానీ లెక్కల ఉద్యోగానికి రాసే ఉత్తరంలో లెక్క తప్పితే మిగతా ఉత్తరమంతా దానితో పాటే మునుగుతుంది. మీ దగ్గర తప్పు పట్టలేని అంకెలు ఉండనే ఉన్నాయి: 160, 38, 29, 9. ఎవరైనా ఫోన్ చేసి ఎలా అని అడిగితే మీరు తడుముకోకుండా చెప్పగలిగేవి అవే. నాలుగు లక్షలను వదిలేయండి. పైగా ఆ మొత్తం మీ యజమాని వ్యాపార రహస్యం, దాన్ని బయటివారికి రాసే అభ్యర్థిని చూసి, రేపు మన లెక్కలూ ఇలాగే రాస్తాడేమో అని అనుకునేవారుంటారు. సప్లయర్ల పేర్లు కూడా అందుకే వద్దు.

రెండవది స్వరానికి సంబంధించినది. "మీ కంపెనీలో ఇన్‌పుట్ క్రెడిట్ సమస్య ఉన్నట్టు గమనించాను, దాన్ని నేను పరిష్కరించగలను" అని మొదలుపెట్టారు. సమస్య ఉందని వాళ్లు అనలేదు, పని ఉందని అన్నారు. బయటి మనిషి ఇంట్లో అడుగుపెట్టగానే గోడకు పగులుందని చెప్పినట్టుంటుంది. వాళ్లు ప్రకటనలో రాసిన మాటలను వాళ్ల మాటలుగానే పేర్కొని, ఆ పని నేను చేస్తున్నాను అనడం చాలు. ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. జీఎస్టీ పోర్టల్‌లో ఎవరి నంబరు కొట్టినా వాళ్లు ఏ రిటర్ను ఏ తేదీన వేశారో కనిపిస్తుందని మీకు తెలుసు, మీ వృత్తిలో సప్లయర్లను అలాగే పరిశీలిస్తారు. దరఖాస్తు చేసే సంస్థ గురించి కూడా చూడండి, తప్పు లేదు, వాళ్లకు ఏ ఏ రాష్ట్రాల్లో వ్యాపారం ఉందో తెలుస్తుంది. కానీ వాళ్ల 3బీ ఫలానా నెలలో ఆలస్యమైందని ఈమెయిల్‌లో రాయకండి. తెలుసుకున్నది మీ మనసులో ఉంచుకొని రాసిన ఉత్తరానికీ, తెలుసుకున్నదంతా ఒలకబోసిన ఉత్తరానికీ తేడా చదివేవారికి తెలిసిపోతుంది.

మూడవది పొడవు. రెండవ ప్రతిలో ఐఎఫ్ఎఫ్ అంటే ఏమిటో ఆరు వాక్యాల్లో వివరించారు. నేను పైన వివరించింది సాధారణ పాఠకుల కోసం. అకౌంట్స్ మేనేజరుకు దాన్ని వివరించడం అంటే అతనికి తెలియదని అనుకోవడమే. అయితే మొదట చదివేది మానవ వనరుల విభాగం వారైతే ఎలా అని మీరు అడగవచ్చు. వాళ్లకు ఐఎఫ్ఎఫ్ తెలియకపోయినా ఫరవాలేదు, తమ ప్రకటనలో ఉన్న "చిన్న సప్లయర్లు", "ఇన్‌పుట్ క్రెడిట్" అన్న మాటలు మీ మొదటి వాక్యంలో కనిపిస్తే మేనేజరుకు పంపవలసిన ఈమెయిల్ ఇదని గుర్తిస్తారు.

ఈ మూడూ సరిచేసి, ఇంగ్లీషులో వెళ్లవలసిన ఈమెయిల్‌లో సారాంశం ఎలా ఉండాలో తెలుగులో రాసి చూపిస్తున్నాను. దీన్ని మాటకు మాట ఇంగ్లీషులోకి మార్చకండి. మీరు మీ మేనేజరుకు రోజూ రాసే ఈమెయిళ్లలో ఎలాంటి చిన్న వాక్యాలు వాడతారో అవే వాడండి.

"విషయం: అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి, సప్లయర్ల క్రెడిట్ పనిలో అనుభవం, జూన్‌లో చేరగలను.

నమస్కారం. చిన్న సప్లయర్లతో మాట్లాడి ఇన్‌పుట్ క్రెడిట్ సకాలంలో వచ్చేలా చూడటం ఈ ఉద్యోగంలో ప్రధాన భాగమని మీ ప్రకటనలో రాశారు. ప్రస్తుత ఉద్యోగంలో గత ఏడాదిగా నేను ఎక్కువ సమయం పెట్టినది ఆ పని మీదే.

మా సంస్థకు సరకు ఇచ్చే సుమారు 160 మందిలో 38 మంది మూడు నెలల పద్ధతిలో రిటర్ను వేసేవారు. వారి బిల్లులు 2బీలో ఆలస్యంగా రావడంతో ఆ మేరకు పన్ను మేము ముందుగా నగదులో కట్టవలసి వచ్చేది. నేను వారిని విడిగా జాబితా చేసి, 8 నుంచి 12వ తేదీ దాకా వారికి గానీ వారి కన్సల్టెంట్లకు గానీ ఫోన్ చేసి బిల్లులు ఐఎఫ్ఎఫ్‌లో ఎక్కించమని అడగడం మొదలుపెట్టాను. ఆరు నెలల్లో 29 మంది క్రమంగా ఎక్కించసాగారు. మిగిలిన తొమ్మిది మందికి పన్ను భాగాన్ని 2బీలో కనిపించాకే చెల్లించాలని మా యజమాని నిర్ణయించారు, ఆ ఖాతా నేనే చూస్తున్నాను.

మీకు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో విడివిడిగా రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. నేను ఇంతవరకు ఒకే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలో పనిచేశాను కాబట్టి ఆ భాగం నాకు కొత్త.

నా భార్యకు బదిలీ కావడంతో జూన్‌లో మేము హైదరాబాద్‌కు మారుతున్నాము. నా నోటీసు గడువు 30 రోజులు. రెజ్యూమే జతచేశాను. పనిదినాల్లో సాయంత్రం ఆరు తర్వాత ఫోన్‌లో మాట్లాడగలను."

పెన్సిలు పరీక్ష మళ్లీ పెట్టి చూడండి. ఇందులో రెజ్యూమేలో ఉన్న వాక్యం ఒక్కటీ లేదు. డిగ్రీ లేదు, మార్కులు లేవు, టాలీ పేరు కూడా లేదు. అవన్నీ జతచేసిన కాగితంలో ఉన్నాయి, కావలసినవారు అక్కడ చూసుకుంటారు.

మూడవ పేరా మీకు ఇబ్బందిగా అనిపిస్తుందని తెలుసు. తెలియని పనిని తెలియదని మనమే ఎందుకు చెప్పుకోవాలి? నా అభిప్రాయం ఇదీ. మీ రెజ్యూమే చదివిన మేనేజరు, విజయవాడలో ఒకే దుకాణం ఉన్న డీలరు దగ్గర పనిచేశారని చూసి, రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ల పని తెలియదని తానే గ్రహిస్తాడు. మీరు చెప్పకపోతే, దాచారనో, మీకు ఆ తేడాయే తెలియదనో అనుకుంటాడు. ఒక్క వాక్యంలో చెబితే రెండు అనుమానాలూ పోతాయి. ఒక రాష్ట్రంలోని శాఖ నుంచి ఇంకొక రాష్ట్రంలోని శాఖకు సరకు పంపితే, సంస్థ ఒకటే అయినా పన్ను బిల్లు వేయాలన్న సంగతి మీకు తెలుసని కూడా అందులోంచి అర్థమవుతుంది. అయితే ఒక్క లోటు చాలు, రెండవది వద్దు. "కొత్తదైనా త్వరగా నేర్చుకోగలను" అని తోక తగిలించకండి, ప్రతి అభ్యర్థీ అదే అంటాడు. ప్రకటనలో తప్పనిసరి అన్న అర్హత మీకు లేకపోతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు ఈమెయిల్ ఎంత బాగున్నా రెజ్యూమే దగ్గరే ఆగిపోతుంది.

భార్య బదిలీ గురించి రాయడం సొంత విషయాలు చెప్పుకోవడం అవుతుందేమోనని మీరు తర్వాతి ఉత్తరంలో సంకోచించారు. మీ చిరునామా విజయవాడ. దాన్ని చూసిన హైదరాబాద్ సంస్థకు వెంటనే వచ్చే అనుమానాలు రెండు: ఇతను నిజంగా వస్తాడా, వచ్చినా ఆరు నెలల్లో వెనక్కి వెళ్లిపోతాడా? రెజ్యూమేలో ఈ రెండింటికీ జవాబు చెప్పే చోటు లేదు. ఈ ఒక్క వాక్యం రెండింటినీ తీరుస్తుంది, ప్రస్తుత ఉద్యోగం ఎందుకు వదులుతున్నారన్న మూడవ ప్రశ్నకు కూడా జవాబవుతుంది. నేను కొంతకాలం ఒక చిన్న సంస్థలో దరఖాస్తులు వడపోసే పని చేశాను. దూరపు ఊరి చిరునామా ఉన్న దరఖాస్తులను తర్వాత చూద్దామని పక్కన పెట్టి, ఆ తర్వాత చూడకుండానే ఉద్యోగం భర్తీ చేసిన సందర్భాలు నాకున్నాయి. అది న్యాయం కాదు, కానీ జరుగుతుంది. మారడానికి మీకున్న కారణం అంత సూటిగా లేని పాఠకులు, ఉదాహరణకు ఇంట్లో అనారోగ్యం వల్ల మధ్యలో ఏడాది ఖాళీ వచ్చినవారు, కారణాన్ని ఒక వాక్యంలో, అది ఎప్పుడు ముగిసిందో ఇంకొక వాక్యంలో చెప్పి ఆపాలి. అంతకుమించితే సానుభూతి కోరినట్టవుతుంది.

విషయం వరుసలో "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి దరఖాస్తు" అని మాత్రమే రాస్తే, ఆ రోజు వచ్చిన ఈమెయిళ్లన్నిటి మీదా అదే ఉంటుంది. ప్రకటనలో రిఫరెన్సు నంబరు ఇచ్చి ఉంటే అది ముందు రావాలి, లేకపోతే ఉద్యోగం పేరు, ఆ తర్వాత మిమ్మల్ని వేరు చేసే ఒక్క సంగతి. ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరిచినవారికి విషయం కింద ఈమెయిల్ మొదటి వాక్యం కొంత కనిపిస్తుంది. మీ పాత ఈమెయిల్‌లో అక్కడ కనిపించేది "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, మీ ప్రకటన చూసి" అన్నంత వరకే. పలకరింపు చిన్నదిగా ఉంటే తర్వాతి వాక్యానికి చోటు దొరుకుతుంది. ప్రకటనలో ఎవరి పేరైనా ఇచ్చి ఉంటే ఆ పేరుతో పలకరించండి, ఇవ్వకపోతే ఎక్కడెక్కడో వెతికి ఒక పేరు ఊహించి రాయకండి.

మీరు ఆ 40 ఈమెయిళ్లలో కొన్నింటికి ఆ పాత ఉత్తరాన్నే ప్రత్యేక ఫైలుగా కూడా జతచేశారని గమనించాను. రెండు ఫైళ్లున్నప్పుడు రెండవది ఎవరూ తెరవరు. చెప్పవలసినది ఈమెయిల్‌లోనే ఉండాలి, జతచేసేది రెజ్యూమే ఒక్కటే కావాలి. ప్రకటనలో ప్రత్యేకంగా కవరింగ్ లెటర్ జతచేయమని అడిగితే మాత్రం జతచేసి, ఈమెయిల్‌లో మొదటి పేరా, చివరి పేరా ఉంచండి. ఫైలు పేరు కూడా మార్చండి. resume_final2.pdf అన్న పేరు మీ కంప్యూటర్‌లో అర్థమవుతుంది, వాళ్ల కంప్యూటర్‌లో అలాంటివి పది ఉంటాయి. మీ పేరు, ఉద్యోగం పేరు చాలు.

ఇక మీ సందేహానికి సూటి జవాబు. అవును, ఆ సంగతి రెజ్యూమేలో కూడా ఉండాలి, కానీ ఒక్క పంక్తిలో: మూడు నెలల పద్ధతిలో ఉన్న 38 మంది సప్లయర్లలో 29 మంది బిల్లులు ఐఎఫ్ఎఫ్ ద్వారా సకాలంలో వచ్చేలా చేశాను, అని. "2బీ రీకన్సిలియేషన్" అన్న రెండు మాటల స్థానంలో అది రావాలి. ఇది మళ్లీ రెండు చోట్ల ఒకటే రాయడం కాదా అంటారేమో. రెజ్యూమేలో ఉండేది ఫలితం. ఎందుకు మొదలుపెట్టారు, ఏ తేదీల్లో ఏం చేశారు, ఎక్కడ కుదరలేదు, అప్పుడేమైంది, ఇదంతా ఈమెయిల్‌లో ఉండేది. రెజ్యూమేలో కనీసం ఆ ఒక్క పంక్తి ఎందుకు అవసరమంటే, చాలా సంస్థల్లో దరఖాస్తు వాళ్ల వెబ్‌సైటులోనే నింపాలి, అక్కడ ఈమెయిల్‌కు చోటే ఉండదు. మరికొన్ని చోట్ల రెజ్యూమేలు మాత్రమే ప్రింటు తీసి మేనేజరుకు ఇస్తారు.

ప్రతి ప్రకటనకూ ఇంత పని చేయాలా అన్నది మీకు తప్పక వచ్చే ప్రశ్న. ఈమెయిల్‌లో చివరి పేరా ఎప్పుడూ మారదు. మొదటి పేరా ప్రతిసారీ మారుతుంది, అది రెండు వాక్యాలే. రెండవ పేరాలో చెప్పే అనుభవం మాత్రం మీ దగ్గర మూడు రకాలు సిద్ధంగా ఉంటే చాలు. సప్లయర్ల సంగతి ఒకటి ఉంది. మీ ఉత్తరాల్లో ఇంకొకటి నాకు కనిపించింది. రెండేళ్ల క్రితం సంవత్సరాంతంలో గోదాములో సరకు లెక్కకూ, టాలీలో ఉన్న లెక్కకూ తేడా వస్తే, వాపసు వచ్చిన సరకుకు క్రెడిట్ నోట్లు వేయకపోవడమే కారణమని కనిపెట్టారని రాశారు. స్టాకు ఎక్కువగా తిరిగే సంస్థకు అది పంపండి. మూడవది మీరే వెతుక్కోవాలి. ఎవరైనా మిమ్మల్ని పిలిచి, ఇది ఎందుకు కలవడం లేదో చూడు అని అప్పగించిన సందర్భాలను గుర్తు చేసుకోండి. ప్రకటన మరీ రెండు పంక్తులదై, అకౌంటెంట్ కావలెను, టాలీ తప్పనిసరి అని మాత్రమే ఉంటే, ఆ సంస్థ ఏం కొని ఏం అమ్ముతుందో చూసి, మీ మూడింటిలో దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. ఏదీ దగ్గరగా లేదనిపిస్తే నాలుగు వాక్యాల చిన్న ఈమెయిల్ చాలు, పాత ఈమెయిల్ మాత్రం పంపకండి.

ఈమెయిల్ పనిచేసిందో లేదో ఫోన్ వచ్చినప్పుడు తెలుస్తుంది. అవతలివారు "మీ గురించి చెప్పండి" అని మొదలుపెడితే రెజ్యూమే చూసి పిలిచారని అర్థం. "ఆ తొమ్మిది మంది ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడిగితే ఈమెయిల్ చదివి పిలిచారు. ఆ ప్రశ్నకు జవాబు మీరు నాకు రాసినట్టే చెప్పండి: వారిలో ఆరుగురికి ఒకే కన్సల్టెంట్ ఉన్నాడు, ప్రతి నెలా ఎక్కించడానికి అతను అదనంగా డబ్బు అడిగాడు, వాళ్లు ఇవ్వడానికి ఇష్టపడలేదు. మిగిలిన ముగ్గురి కారణం మీరు నాకు చెప్పలేదు. ఫోన్ రాకముందే వాళ్లను అడిగి తెలుసుకోండి.